పైకి విసిరిన బంతి, నాలుగు ఆప్షన్లు: తప్పు జవాబులు ఎక్కడి నుంచి తేవాలి?

ప్రశ్న: నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. 9వ తరగతిలో గమన నియమాల పాఠం అయ్యాక బిట్లు పెడితే చాలామందికి పదికి తొమ్మిది వస్తున్నాయి. కానీ బోర్డు దగ్గరికి పిలిచి అడిగితే "కదులుతోందంటే దాంట్లో బలం ఉన్నట్టే కదా సార్" అంటున్నారు. పిల్లల మనసులో ఉన్న ఇలాంటి పొరపాటు ఆలోచనలు బయటపడేలా తప్పు ఆప్షన్లు ఎలా రాయాలి? ఏదైనా ఒక ప్రశ్న తీసుకుని వివరంగా చెప్పగలరా?

జవాబు:

మీ బిట్ పేపర్లోంచి ఒక ప్రశ్న తీసి చూడండి. నేను సర్వీసులో చేరిన కొత్తలో రాసినది ఇలా ఉండేది: "పైకి విసిరిన బంతి తిరిగి కిందికి రావడానికి కారణం: ఎ) అయస్కాంత బలం బి) గురుత్వాకర్షణ బలం సి) విద్యుత్ బలం డి) కేంద్రక బలం." ఈ నాలుగింటిలో మూడు ఆప్షన్లు ఏ పిల్లవాడి బుర్రలోంచీ వచ్చినవి కావు. జాగా నింపడానికి నేను పెట్టినవి. బంతిని అయస్కాంతం లాగుతోందని అనుకునేవాడు క్లాసులో ఒక్కడూ ఉండడు, అందుకని అందరూ బి పెట్టేవారు. నేను సంతోషపడేవాణ్ణి. బంతి పైకి వెళ్లేటప్పుడు దాని మీద ఏముందని వాళ్లు అనుకుంటున్నారో ఆ ప్రశ్న అడగనే లేదు.

తప్పు ఆప్షన్ అంటే క్లాసులో ఎవరో ఒకరు నిజంగా నమ్ముతున్న మాట అయి ఉండాలి. అది మన టేబుల్ దగ్గర కూర్చుని ఊహిస్తే దొరకదు. పిల్లల దగ్గర నుంచే తెచ్చుకోవాలి. కాబట్టి మొదట ఆప్షన్లు లేకుండా అడగండి. పాఠం మొదలుపెట్టే ముందు రోజు, పీరియడ్ చివర పది నిమిషాలు చాలు. నేను చీటీలు పంచి ఇలా అడుగుతాను: "బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాను. అది నా చేతిని వదిలేసింది, ఇంకా పైకి వెళ్తూనే ఉంది. ఇప్పుడు దాని మీద ఏయే బలాలు పనిచేస్తున్నాయి? బాణం గుర్తులు గీయండి. ప్రతి బాణం పక్కన, ఆ బలాన్ని కలిగిస్తున్నది ఎవరో లేదా ఏదో రాయండి." చీటీ మీద పేరు రాయొద్దని, మార్కులు లేవని చెబుతాను.

మార్కులు లేవని చెప్పడం ఎందుకంటే, మార్కులున్న చోట పిల్లలు తాము అనుకునేది రాయరు, మనం వినాలనుకునేది రాస్తారు. ఇది మన దగ్గరే కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఇలాంటి పరీక్షే పెడితే ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పిన ప్రకారం రాయమంటారా, నేను మామూలుగా ఆలోచించే ప్రకారం రాయమంటారా అని అడిగిందట. ఆయనే ఈ సంగతి చాలాచోట్ల చెప్పుకున్నారు. మీ ప్రశ్నలో ఉన్న ఇబ్బంది కూడా అచ్చంగా అదే.

చీటీలు ఇంటికి తెచ్చుకుని కుప్పలు వేయండి. నాకు ప్రతి ఏడూ ఇంచుమించు అవే కుప్పలు పడతాయి. అన్నిటికంటే పెద్ద కుప్పలో పైకి ఒక పొడుగు బాణం, కిందికి ఒక పొట్టి బాణం ఉంటాయి. కింది బాణం పక్కన "గురుత్వాకర్షణ" అనీ, పై బాణం పక్కన "చెయ్యి", "విసిరిన బలం", కొందరైతే "ఊపు" అనీ రాస్తారు. రెండో కుప్పలో పైకి ఒక్క బాణమే ఉంటుంది. వీళ్ల లెక్కలో పైకి వెళ్లేటప్పుడు గురుత్వాకర్షణ ఇంకా రంగంలోకి దిగదు, బంతి ఆగాక దిగుతుంది. ఒక చిన్న కుప్పలో కిందికి బాణం ఒక్కటే ఉన్నా, పక్కన "పైకి వెళ్లేకొద్దీ ఎక్కువవుతుంది, అందుకే బంతి స్పీడు తగ్గుతుంది" అని ఉంటుంది. సరిగ్గా గీసినవాళ్లు ఇంకొక చిన్న కుప్ప. గాలి కింద నుంచి తోస్తోందని రాసేవాళ్లు ఎప్పుడో ఒకరిద్దరు తగులుతారు.

పెద్ద కుప్ప దగ్గర కాసేపు ఆగాలి. "ఊపు" అన్న మాట నాకు ఈ చీటీల్లోనే దొరికింది. సైకిల్ తొక్కడం ఆపినా కొంత దూరం "ఊపులో" పోతుంది. కబడ్డీలో కూతకి వెళ్లినవాడు "ఊపు మీద" గీత దాటేస్తాడు. పిల్లల ఆలోచనలో చెయ్యి బంతికి కొంత ఊపు ఎక్కిస్తుంది, అది బంతి లోపల ఉంటుంది, దారిలో ఖర్చవుతుంది, అయిపోగానే బంతి పడిపోతుంది. ఇది తెలివితక్కువ ఆలోచన అని మాత్రం అనుకోకండి. మన వైశేషికులు బాణం గమనాన్ని దాదాపు ఇలాగే వివరించారు: వింటినారి తోపు వల్ల మొదటి కదలిక, ఆ తర్వాత బాణంలో ఏర్పడిన "సంస్కారం" వల్ల మిగతా కదలిక, ఆ సంస్కారం లేకుండా పోయాక గురుత్వం వల్ల పతనం. యూరప్‌లో 14వ శతాబ్దంలో బురిడాన్ అనే తత్వవేత్త చెప్పిందీ ఈ తరహా మాటే. 1982లో అమెరికాలో జాన్ క్లెమెంట్ పైకి ఎగరేసిన నాణెం బొమ్మ ఇచ్చి బలాలు గీయమంటే ఇంజనీరింగ్ విద్యార్థులు కూడా చాలామంది పైకి బాణం గీశారు. అంతమందికి, అన్ని కాలాల్లో తోచిన ఆలోచన "చర్య, ప్రతిచర్య" నిర్వచనం బట్టీ పట్టించినంత మాత్రాన పోదు.

ఇంకో సంగతి. ఊపు అనేది ఉత్తదేం కాదు. పిల్లలు ఊపు అంటున్నది మనం ద్రవ్యవేగం అనే దానికి చాలా దగ్గరగా ఉంది. బంతికి ఊపు ఉండటం నిజం, అది తగ్గుతూ పోవడమూ నిజం. దాన్ని బలం అనడం దగ్గరే తేడా వస్తోంది. తెలుగులో బలం అంటే ఒంట్లో ఉండేది కూడా కదా. "వాడి ఒంట్లో బలం ఉంది" అంటాం. ఫిజిక్స్‌లో బలం ఒక వస్తువులో ఉండదు, రెండు వస్తువుల మధ్య ఉంటుంది. అందుకే చీటీలో "ఎవరు కలిగిస్తున్నారు" అని అడగడం. చెయ్యి వదిలేసిన బంతికి పైకి బాణం గీసినవాడు అక్కడ ఏం రాయాలో తోచక కాసేపు పెన్ను నములుతాడు, తర్వాత "చెయ్యి" అని రాసేస్తాడు.

ఇప్పుడు ఈ కుప్పల్ని ఆప్షన్లుగా మార్చాలి. నేను చివరికి స్థిరపడిన రూపం ఇది:

ప్రశ్న 1. ఒక అమ్మాయి బంతిని నిట్టనిలువుగా పైకి విసిరింది. బంతి ఆమె చేతిని వదిలాక, ఇంకా పైకి వెళ్తూ ఉన్నప్పుడు దాని మీద పనిచేసే బలాల గురించి ఏది సరైనది? గాలి ప్రభావం లేదనుకోండి.

ఎ) పైకి, విసిరిన బలం ఒక్కటే ఉంటుంది, బంతి కిందికి తిరిగాక గురుత్వాకర్షణ మొదలవుతుంది.

బి) పైకి విసిరిన బలం, కిందికి గురుత్వాకర్షణ రెండూ ఉంటాయి, విసిరిన బలం తగ్గుతూ పోతుంది.

సి) కిందికి గురుత్వాకర్షణ ఒక్కటే ఉంటుంది, అది దారి పొడవునా ఒకేలా ఉంటుంది.

డి) కిందికి గురుత్వాకర్షణ ఒక్కటే ఉంటుంది, బంతి పైకి వెళ్లేకొద్దీ అది పెరుగుతుంది.

జవాబు సి. ఈ రూపానికి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది, ప్రతి ఏడూ ఒక దెబ్బ తగిలి.

మొదటి ఏడాది ప్రశ్నలో "చేతిని వదిలాక" అన్న మాట లేదు. "బంతిని పైకి విసిరినప్పుడు" అని మాత్రమే రాశాను. బి పెట్టిన ఒక అబ్బాయిని పిలిచి అడిగితే, "విసిరేటప్పుడు చెయ్యి తోస్తుంది కదా సార్" అన్నాడు. వాడిది తప్పు కాదు. బంతి చేతిలో ఉన్నంతసేపూ చెయ్యి దాన్ని పైకి తోస్తూనే ఉంటుంది. నేను రాసిన ప్రశ్న వాడికి ఆ క్షణాన్ని చూపించింది. సరిగ్గా ఆలోచించినవాడికి సున్నా వేశాను. గాలి గురించిన వాక్యం కూడా ఇలాగే చేరింది. అది లేకపోతే కాస్త చురుకైనవాళ్లు గాలి నిరోధం ఏమైందని అడిగి, సి కూడా తప్పే కదా అంటారు.

రెండో ఏడు సరైన ఆప్షన్‌ను "గురుత్వాకర్షణ బలం మాత్రమే" అని రాశాను. మిగతా మూడింట్లో "మాత్రమే" లేదు. ఆ ఏడాది బాగా చదివే పిల్లలు కొందరు దాన్ని వదిలేశారు. ఎందుకు వదిలేశారని అడిగితే "మాత్రమే అని ఉంటే తప్పు ఆప్షన్ అని ట్యూషన్లో చెప్పారు" అన్నారు. వాళ్లు నాకు చూపించింది బలం గురించిన ఆలోచన కాదు, బిట్లు కొట్టే చిట్కా. అందుకే ఇప్పుడు "ఒక్కటే" అన్న మాట మూడు ఆప్షన్లలో ఉంది, నాలుగూ ఇంచుమించు ఒకే పొడవున్నాయి, అన్నీ రెండు ముక్కల వాక్యాలే. సరైనదాన్ని జాగ్రత్తగా, పొడుగ్గా రాసి మిగతావి రెండు మాటల్లో తేల్చేయడం మనందరికీ ఉన్న జబ్బు. పిల్లలు దాన్ని పసిగడతారు.

మూడో ఏడు దెబ్బ భాషది. బి ఆప్షన్‌లో "ప్రారంభ ఊర్ధ్వ బలం" అని రాశాను. ఎవరూ దాని జోలికి పోలేదు. అదే ఆలోచన ఉన్నవాళ్లు కూడా ఆ మాటల్లో తమ ఆలోచనను గుర్తుపట్టలేదు. "విసిరిన బలం" అని వాళ్ల చీటీలో ఉన్న మాటే పెట్టేసరికి ఆ ఆప్షన్‌కు ప్రాణం వచ్చింది. ఇంగ్లీషు మీడియం సెక్షన్‌కు కూడా నేను ఈ నాలుగు వాక్యాల్నీ తెలుగులోనే ఇస్తాను. ఇంగ్లీషులో ఇస్తే పుస్తకంలో చదివిన వాక్యం ఎక్కడుందా అని వెతుకుతారు.

"ఊపు" అన్న మాటను ఆప్షన్‌లో ఎందుకు పెట్టలేదని మీకు అనిపించవచ్చు. పెట్టి చూశాను. "బంతికి పైకి ఊపు ఉంటుంది" అన్న వాక్యం తప్పని చెప్పడం కష్టం, ఇందాక చెప్పిన కారణం వల్లే. తప్పు ఆప్షన్ ఏ కోణంలో చూసినా తప్పుగానే ఉండాలి. లేకపోతే దిద్దాక క్లాసులో పంచాయితీ మీరే ఓడిపోతారు.

ఇప్పుడు ముఖ్యమైన చోటికి వద్దాం. ఒక్క ప్రశ్నతో పిల్లల ఆలోచన పూర్తిగా తెలియదు. ఊహించి పెట్టినా నాలుగింట్లో ఒకసారి సరైనది తగులుతుంది. అందుకని అదే బంతిని ఇంకో చోట ఆపి మళ్లీ అడగాలి. ఎక్కడ ఆపాలి? చాలామంది కిందికి వచ్చేటప్పుడు అడుగుతారు. అక్కడ అడిగి లాభం లేదు. కిందికి పడుతున్న బంతి మీద ఏ బలం ఉందంటే, విసిరిన బలం అయిపోయిందనుకునేవాడూ గురుత్వాకర్షణ అంటాడు, గురుత్వాకర్షణ ఇప్పుడే మొదలైందనుకునేవాడూ అదే అంటాడు, సరిగ్గా తెలిసినవాడూ అదే అంటాడు. మూడు వేరు వేరు ఆలోచనలు ఒకే జవాబుకు చేరే చోట ప్రశ్న పెడితే మనకు మిగిలేది మంచి మార్కులే. మీ పదికి తొమ్మిదిలో సగం ఇలాంటి ప్రశ్నల వల్లే వచ్చి ఉంటాయని నా అనుమానం.

ఆ ఆలోచనలు విడిపోయే చోటు బంతి శిఖరం దగ్గర:

ప్రశ్న 2. అదే బంతి అన్నిటికంటే ఎత్తైన చోటికి చేరి, కిందికి తిరగబోయే క్షణంలో దాని మీద పనిచేసే బలాల గురించి ఏది సరైనది?

ఎ) గురుత్వాకర్షణ ఉంటుంది, పైకి వెళ్లేటప్పుడు ఎంత ఉందో అంతే ఉంటుంది.

బి) పైకి విసిరిన బలం, కిందికి గురుత్వాకర్షణ ఉంటాయి, రెండూ సమానంగా ఉంటాయి.

సి) ఏ బలమూ ఉండదు, ఆ క్షణంలో బంతి కదలడం లేదు.

డి) గురుత్వాకర్షణ ఉంటుంది, ఈ చోట అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది.

జవాబు ఎ. మొదట్లో ఇక్కడ బి, సి రెండింటినీ కలిపి "బంతి మీద ఫలిత బలం సున్నా" అని ఒకే ఆప్షన్‌గా పెట్టాను. లెక్క ప్రకారం రెండూ ఒకటే, కానీ బుర్రలో రెండూ ఒకటి కావు. బి పెట్టేవాడు రెండు బలాలు తాడులాట ఆడుతున్నాయనుకుంటున్నాడు. సి పెట్టేవాడికి పైకి బలం ఉందన్న ఆలోచన ఉండకపోవచ్చు. వాడు వేగాన్నీ బలాన్నీ ఒకటిగా చూస్తున్నాడు, వేగం సున్నా అయితే బలమూ సున్నా అంటున్నాడు. ఇద్దరికీ చెప్పాల్సింది వేరు. ఒకే ఆప్షన్ కింద ఇద్దర్నీ కూర్చోబెడితే ఎవరికేం చెప్పాలో మనకు తెలియదు.

రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానికి బి, రెండోదానికి బి అంటే ఊపు ఆలోచన గట్టిగా ఉన్నట్టు. పైకి వెళ్లేటప్పుడు విసిరిన బలం ఎక్కువ, శిఖరం దగ్గర సమానం, తర్వాత గురుత్వాకర్షణది పైచేయి: అంతా కుదురుగా ఉన్న కథ. ఇలాంటివాడు అయోమయంలో లేడు, వాడికి ఒక సిద్ధాంతం ఉంది. మొదటిదానికి డి, రెండోదానికి డి అన్నవాడూ అంతే. మొదటిదానికి సి, రెండోదానికి సి పెట్టినవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వీళ్లు మొదటి ప్రశ్నకు సరైన జవాబు పెట్టారు కానీ, నా అనుభవంలో వీళ్లలో చాలామంది పాఠంలోని వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు. మొదటి ప్రశ్న ఒక్కటే ఉంటే వీళ్లను పాసైనవాళ్ల లెక్కలో వేసేవాళ్లం.

క్లాసు మొత్తాన్ని ఎలా చదవాలో చూద్దాం. లెక్క కోసం 40 మంది అనుకోండి. మొదటి ప్రశ్నకు ఎ 5, బి 21, సి 11, డి 3 వచ్చాయనుకుందాం. ఇందులో పని చేయాల్సింది ఎక్కడో కనిపిస్తూనే ఉంది. అలా కాకుండా నాలుగింటికీ తలా పదీ అటూ ఇటుగా వస్తే అది పొరపాటు ఆలోచన కాదు, ప్రశ్న అర్థం కాక చేతికందింది పెట్టారు. అప్పుడు పాఠాన్ని కాదు, ప్రశ్నను బాగుచేయాలి. ఏ సెక్షన్‌లోనూ ఎవరూ ముట్టని ఆప్షన్ ఉంటే అది అయస్కాంత బలం లాంటిదే, తీసేయండి. నాలుగో ఆప్షన్ దొరకకపోతే మూడింటితోనే పెట్టండి. "పైవన్నీ", "ఏదీ కాదు" మాత్రం పెట్టొద్దు. "ఏదీ కాదు" పెట్టినవాడు ఏమనుకుంటున్నాడో బ్రహ్మకైనా తెలియదు.

సి, సి పిల్లలకు నేను చెప్పే లెక్క ఒకటి ఉంది, అది కూడా రాస్తాను. గురుత్వ త్వరణాన్ని సుమారు 10 m/s² అనుకుందాం. శిఖరానికి ఒక సెకను ముందు బంతి వేగం పైకి 10 m/s. ఒక సెకను తర్వాత కిందికి 10 m/s. రెండు సెకన్లలో వేగం 20 m/s మారింది, అంటే సెకనుకు 10. ఆ రెండు సెకన్ల మధ్యలో శిఖరం ఉంది. ఆ దగ్గర బలం మాయమైపోతే వేగం మారడం ఆగిపోవాలి, సున్నా దగ్గర ఆగిన వేగం సున్నాగానే ఉండిపోవాలి. "అప్పుడు బంతి ఎక్కడుండాలి?" అని అడుగుతాను. "గాల్లోనే వేలాడాలి సార్" అని వాళ్లే నవ్వుతారు. ఈ లెక్క బి, బి పిల్లలకు చెబితే పెద్దగా కదలరు. రెండు బలాలు ఆ ఒక్క క్షణమే సమానంగా ఉంటాయి కదా, వెంటనే గురుత్వాకర్షణ ఎక్కువవుతుంది కదా అంటారు. వాళ్ల దగ్గర పనిచేసేది "ఆ బలాన్ని ఎవరు కలిగిస్తున్నారు, ముట్టుకోకుండా ఎలా తోస్తున్నారు" అన్న ప్రశ్నే. ఆప్షన్లు విడివిడిగా ఉండాలని ఇంతగా చెప్పేది అందుకే.

ఇదే పద్ధతిని మూడో నియమం మీద పెట్టి చూడండి, ఆలోచనలు విడిపోయే చోటు అన్న మాట ఇంకా స్పష్టమవుతుంది. నిలబడి ఉన్న ఆటోను లారీ వచ్చి గుద్దింది, ఎవరి బలం ఎక్కువ అని అడిగితే చాలామంది లారీ అంటారు. కానీ ఎందుకు? బరువైనది కాబట్టా, కదులుతున్నది కాబట్టా, ఆటో నుజ్జయింది కాబట్టా? తెలియదు, మూడు ఆలోచనలూ లారీ వైపే చూపిస్తాయి. దాన్ని తిప్పండి:

ప్రశ్న 3. రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వేగంగా వచ్చిన ఆటో ఢీకొంది. ఢీకొంటున్న సమయంలో ఏది సరైనది?

ఎ) ఆటో లారీని ఎక్కువ బలంతో తోసింది, కదులుతున్నది ఆటోనే.

బి) లారీ ఆటోను ఎక్కువ బలంతో తోసింది, లారీ చాలా బరువైనది.

సి) ఆటో లారీని తోసింది, లారీ తిరిగి తోయలేదు, లారీ కదలకుండా అడ్డుగా నిలిచింది.

డి) ఆటో లారీని ఎంత బలంతో తోసిందో లారీ ఆటోను అంతే బలంతో తోసింది, ఆటో తేలికైనది కాబట్టి ఎక్కువ దెబ్బతింది.

జవాబు డి. ఇప్పుడు బరువును చూసేవాడు బి వైపు, కదలికను చూసేవాడు ఎ వైపు విడిపోయారు. సి అనేది బల్ల, గోడ, నేల లాంటివి ఊరికే ఉంటాయి, అవి తోయలేవని అనుకునేవాళ్ల కోసం. డిలో రెండో ముక్క కావాలనే పెట్టాను. బలాలు సమానమైతే ఆటోనే ఎందుకు నుజ్జయిందన్నది పిల్లల అసలు సందేహం. దానికి చోటివ్వకుండా "సమానం" అని ఊరుకుంటే, ఆ సందేహం ఉన్నవాడు డిని నమ్మడు. "చర్య", "ప్రతిచర్య" అన్న మాటలు ఎక్కడా రాయలేదని గమనించండి. ఆ మాట కనబడగానే నిర్వచనం నోటికొచ్చేస్తుంది, సమానం అని టిక్ పెట్టేస్తారు.

ఇక్కడో బలహీనత ఉంది. నిజంగా డిలో రెండో ముక్క పూర్తి నిజం కాదు. దెబ్బ బండి కట్టుబడి మీద కూడా ఆధారపడుతుంది. "తేలికైనది కాబట్టి దాని వేగం ఎక్కువగా మారింది" అని రాస్తే ఫిజిక్స్ ప్రకారం శుభ్రంగా ఉంటుంది, కానీ 9వ తరగతి పిల్లవాడికి అది అంత తేలిగ్గా ఎక్కదు. నేను క్లాసులో వాడేదాంట్లో దెబ్బ గురించే ఉంచాను. మార్కులున్న పరీక్షకైతే వేగం మాట పెట్టండి.

ప్రశ్న పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఒకటే దారి నాకు తెలుసు. ప్రతి ఆప్షన్ పెట్టినవాళ్లలో ఇద్దరిని విడిగా పిలిచి "ఎందుకు ఇది పెట్టావు" అని అడగడం. సరైనది పెట్టినవాళ్లను కూడా అడగండి, అది చాలామంది మానేస్తారు. అడిగేటప్పుడు మొహంలో తప్పో ఒప్పో కనబడనివ్వొద్దు. ఒకసారి మొదటి ప్రశ్నకు డి పెట్టిన ఒక అమ్మాయి, గురుత్వాకర్షణ పెరుగుతుందని అనుకోలేదు. "పైకి వెళ్లేకొద్దీ స్పీడు తగ్గుతుంది కదా సార్, అదే రాసి ఉందనుకున్నా" అంది. వాక్యం చదవడంలో పొరపాటు, అంతే. అప్పటి నుంచి నేను ఆప్షన్లన్నీ ఒకసారి పైకి చదివి వినిపిస్తాను. చదవడం నెమ్మదిగా ఉన్న పిల్లలు పొట్టి ఆప్షన్ వెతుక్కునే బాధ కూడా దాంతో తగ్గింది. అందరినీ పిలిచి మాట్లాడే తీరిక లేకపోతే ప్రశ్న కింద "ఎందుకు?" అని ఒక గీత ఖాళీ వదలండి. జవాబుతో పాటు కారణాన్ని కూడా ఆప్షన్లుగా ఇచ్చే రెండంచెల పరీక్షలను 1988లో డేవిడ్ ట్రెగస్ట్ ప్రతిపాదించారు. నేను పైన ప్రతి ఆప్షన్‌లోనూ రెండో ముక్క పెట్టింది దాన్నే ఒకే వాక్యంలోకి కుదించడానికి. అలా కుదిస్తే నష్టమూ ఉంది: మొదటి ముక్క నచ్చి రెండోది నచ్చనివాడు ఎటూ వెళ్లలేడు. అలాంటివాళ్లు ఉన్నట్టు కనిపిస్తే ఆ ప్రశ్నను రెండుగా విడగొట్టండి.

తయారుగా ఉన్న ప్రశ్నలు లేవా అంటే ఉన్నాయి. 1992లో హెస్టీన్స్, వెల్స్, స్వాక్‌హామర్ ప్రచురించిన ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ ఈ పద్ధతిలో కట్టినదే. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో 30 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు. ఒకసారి చూస్తే తప్పు ఆప్షన్ రాయడం ఎంత పనో తెలుస్తుంది. అయితే దాని ప్రశ్నల్ని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి, జవాబులు బయటపడితే అది ఇంకెవరికీ పనికిరాదు. తెలుగులోకి మాటకు మాట దించినా పని జరగదు, ఆ వాక్యాలు అక్కడి పిల్లలవి.

ఒక్క మాట, మీ ప్రశ్నలోంచే. "కదులుతోందంటే దాంట్లో బలం ఉన్నట్టే కదా" అన్నారు కదా ఆ పిల్లలు. అందులో "దాంట్లో" అన్న మాటను వదలకండి. బీరువాను నేల మీద మారని వేగంతో తోస్తున్నప్పుడు తోపు ఎక్కువా, ఘర్షణ ఎక్కువా అన్న ప్రశ్న రాసి, ఒక తప్పు ఆప్షన్‌లో ఆ వాక్యాన్నే యథాతథంగా పెట్టండి. "బీరువా ఇప్పటికే కదులుతోంది, వేగం మారడం లేదు" అని ప్రశ్నలో తప్పకుండా రాయండి. కదలడం మొదలవ్వాలంటే ఘర్షణను మించి తోయాలి, ఆ సంగతి పిల్లలకు సరిగ్గానే తెలుసు. ఆ క్షణం గురించి ఆలోచించి "తోపు ఎక్కువ" అన్నవాడికి మళ్లీ నాలాగా సున్నా వేస్తారు.